నూక 5 అంటే ఎంత? ఉప్పుడు బియ్యం నాణ్యత షరతులను ఇంగ్లీషు ఒప్పందంలోకి దింపిన డైరీ

నరసన్నపేట దగ్గర ఒక మిల్లుకి కాగితాల పని చేస్తుంటాను. ఈ జనవరిలో ఆ మిల్లు 1010 రకం ఉప్పుడు బియ్యం 25 టన్నులని విశాఖ ఓడరేవు మీదుగా పశ్చిమ ఆఫ్రికాలోని ఒక కొనుగోలుదారుకి పంపింది. బియ్యం నాణ్యత మాటలను తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా వంతు. అది రెండు గంటల పని అనుకున్నాను. 31 గంటలు పట్టింది. ఎక్కడెక్కడ తప్పానో అదే వరసలో రాస్తున్నాను. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్లు కనీసం ఇవే తప్పులు మళ్లీ చెయ్యకుండా ఉంటారు.

యజమాని నాకిచ్చిన చీటీ ఇది: "1010 ఉప్పుడు. ఏ గ్రేడు. తేమ 14 దాకా. నూక 5 లోపు. రంగు గింజ తక్కువ. రాయి లేదు."

నేను రాసిన మొదటి ముసాయిదా ఇది:

```
Parboiled rice, Grade A
Moisture: about 14%
Broken: within 5%
Discoloured grains: less
Stones: nil
```

ఐదు వరుసల్లో ఒక్కటి కూడా నిలబడలేదు.

దశ 1: నూక

కొనుగోలుదారు మనిషి మెయిల్‌లో ఒకే ప్రశ్న అడిగాడు: మీ లెక్కలో ఎంత పొడవు ముక్కని నూక అంటారు? నాకు జవాబు తెలియదు. మిల్లులో మేస్త్రిని అడిగాను.

"ఏటమ్మా, నూకంటే నూకే గదా! దానికీ కొలతలేటి?" అన్నాడు. తర్వాత గుప్పెడు బియ్యం అరచేతిలో పరిచి, సగం కంటే చిన్న ముక్కలను వేలితో పక్కకి నెట్టాడు. "ఇదీ నూక. మిగతాది బియ్యమే. మన సరుకులో మూడు కూడా ఉండదు."

మేస్త్రి అబద్ధం ఆడలేదు. ఇంటికి బియ్యం కొనేవాళ్లకి, ఉప్మాకి నూక కొనేవాళ్లకి ఆ లెక్క సరిపోతుంది. చివర కొంచెం విరిగిన గింజని మన దగ్గర ఎవరూ నూక అనరు. అంతర్జాతీయ వ్యాపారంలో మాత్రం అది కూడా నూకే. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో బియ్యానికి పెట్టినదాని ప్రకారం పూర్తి గింజ సగటు పొడవులో ముప్పావు, అంతకు మించి ఉంటే నిండు గింజ. ముప్పావుకి తగ్గి సగానికి మించితే పెద్ద ముక్క. సగం నుంచి పావు దాకా మధ్య ముక్క. పావుకి దిగితే చిన్న ముక్క. 1.4 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాల జల్లెడలోంచి జారిపోయేది పొడి. మన అగ్‌మార్క్ లెక్కలో కూడా ముప్పావుకి తగ్గితే నూకే. అంటే మేస్త్రి నూక సగం దగ్గర మొదలైతే, ఒప్పందం నూక ముప్పావు దగ్గర మొదలవుతోంది. ఆ మధ్యలో ఎంత బియ్యం ఉందో కొలిస్తే తప్ప తెలియదు.

కొలవడంలో మూడుసార్లు తప్పాను.

మొదటి తప్పు జల్లెడ. వంటింటి జల్లెడ నుంచి మిల్లులోని చేతి జల్లెడ దాకా అన్నీ తెచ్చి ఊపాను. సగానికి తగ్గిన ముక్కలు కొన్ని కిందపడ్డాయి. ముప్పావు ముక్కలు మాత్రం నిండు గింజలతోనే ఉండిపోయాయి. జల్లెడ గింజని దాని మందం, వెడల్పు బట్టి వేరు చేస్తుంది. విరిగిన గింజకి పొడవు తగ్గుతుంది గానీ వెడల్పు తగ్గదు. అందుకే మిల్లులో పొడవు తేల్చడానికి లోపలి గోడనిండా చిన్న గుంటలుండే లెంగ్త్ గ్రేడర్ డ్రమ్ముని వేరేగా పెడతారు. చేతి పనిలో ఏరడం తప్ప దారి లేదు.

రెండో తప్పు గింజలు లెక్కపెట్టడం. 200 గింజలు పరిచి ముప్పావుకి తగ్గినవి ఏరితే 28 వచ్చాయి. అంటే 14 శాతం. ఆ రాత్రి యజమానికి ఫోన్ చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. పొద్దున్నే గుర్తొచ్చింది, ఒప్పందంలో శాతం బరువు మీద. సగం ముక్క కూడా లెక్కలో ఒక గింజే, తూకంలో మాత్రం అరగింజ. లెక్కపెడితే నూక ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది.

మూడో తప్పు సగటు పొడవు. చేతికొచ్చిన 50 గింజలను కాలిపర్‌తో కొలిస్తే సగటు 5.7 మిల్లీమీటర్లు తేలింది. వాటిలో చివర విరిగిన గింజలు కూడా కలిశాయని తర్వాత చూశాను. రెండు కొనలూ నిలిచి ఉన్న గింజలను మాత్రమే ఏరి మళ్లీ కొలిస్తే 6.0. తేడా చిన్నదే. కానీ ముప్పావు గీత 4.28 నుంచి 4.5కి జరుగుతుంది, దాంతో నూక శాతం పెరుగుతుంది. తక్కువ సగటు మనకి లాభంలా కనిపిస్తుంది. రేపు ఓడరేవులో సరుకు నాణ్యత తనిఖీ చేసే సర్వేయరు నిండు గింజలే ఏరి కొలుస్తాడు కాబట్టి ఆ లాభం అక్కడ నిలవదు.

చివరికి కుదిరిన పద్ధతి:

1. 10 బస్తాల్లో పైన, నడుమ, అడుగున ఇనప గొట్టం గుచ్చి బియ్యం తీశాను. ఒకే కుప్పగా కలిపాను.
2. కుప్పని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు తీసేశాను. మిగిలింది కలిపి మళ్లీ అలాగే చేస్తూ సుమారు 50 గ్రాములకి దించాను.
3. నిండు గింజలు 20 ఏరి, కొనకి కొన తగిలేలా స్కేలు పక్కన వరసగా పేర్చాను. మొత్తం 120 మిల్లీమీటర్లు వచ్చింది. ఒక గింజకి 6.0. కాలిపర్ మాట నిజమేనని తేలింది.
4. గ్రాఫ్ కాగితం మీద 4.5, 3.0, 1.5 దగ్గర గీతలు గీశాను. అనుమానం వచ్చిన ప్రతి ముక్కనీ పట్టకారుతో తెచ్చి గీత పక్కన పెట్టాను.
5. నాలుగు కుప్పలనీ 0.01 గ్రాము చూపే కాటా మీద విడివిడిగా తూచాను.

50 గ్రాములంటే దాదాపు మూడు వేల గింజలు. ఒక మాదిరికి రెండు గంటలు పట్టింది. మూడు మాదిరుల్లో నూక 7.2, 7.4, 7.6 వచ్చింది. సగటున 100 గ్రాములకి ఇలా తేలింది:

- 4.5 మిల్లీమీటర్లు, ఆపైన: 92.6 గ్రాములు
- 3.0 నుంచి 4.5 లోపు: 4.9 గ్రాములు
- 1.5 నుంచి 3.0 లోపు: 2.2 గ్రాములు
- 1.5కి తక్కువ: 0.3 గ్రాములు

మేస్త్రి లెక్కలో నూక 2.5 శాతం. ఒప్పందం లెక్కలో 7.4. గింజలు లెక్కపెడితే 14. బియ్యం ఒకటే. నేను "వితిన్ 5" అని రాసి పంపి ఉంటే ఇక్కడ అందరం నిజమే చెప్పామనుకునేవాళ్లం, అక్కడ సరుకు తిరస్కరణకి వెళ్లేది.

కాబట్టి అనువాదం ఇలా మారింది:

```
Broken kernels: max 5.0% by weight.
"Broken" means any piece shorter than 3/4 of
the average length of whole kernels of the lot.
```

5 అని కాకుండా 5.0 అని రాయడానికి కారణం ఉంది. 5 అంటే 5.4ని కూడా దగ్గరి అంకెకి దించి 5 అనొచ్చా అన్న వాదన మొదలవుతుంది. ఎవరికి అవసరమైతే వాళ్లు మొదలుపెడతారు. సున్నా పెడితే ఆ తలుపు మూసుకుంటుంది.

మాట సరైంది గానీ బియ్యం ఇంకా సరిపోలేదు. యజమాని లాటు కోసం 26 టన్నులు పక్కన పెట్టారు. అందులో 7.4 శాతం అంటే 1,924 కిలోల నూక. ఒప్పందం 5.0 అడిగినా, ఎత్తడం దింపడంలో ఇంకొంత విరుగుతుందని గురి 4.6 దగ్గర పెట్టుకున్నాం. తీసేసిన కొద్దీ మొత్తం బరువు కూడా తగ్గుతుంది కాబట్టి తీసివేత ఒక్కటే చేస్తే లెక్క తప్పుతుంది:

```
(1924 - x) / (26000 - x) = 0.046
x = 763 kg
```

కాగితం మీద 763 కిలోలు. లెంగ్త్ గ్రేడర్‌లోంచి మళ్లీ పంపితే దిగింది 810. డ్రమ్ము కొన్ని నిండు గింజలను కూడా నూకతో పాటు లాక్కుపోయింది. తిరిగి కొలిస్తే నూక 4.7. మేస్త్రి ఆ 810 కిలోల కుప్పని చూసి, "ఇంత మంచి బియ్యం నూక రేటుకి పోతున్నాదమ్మా" అన్నాడు. నాకూ కష్టంగానే అనిపించింది.

ఇప్పటిదాకా: లాటు 26,000 నుంచి 25,190 కిలోలు. పని 15 గంటలు. ఖర్చు 1,450 రూపాయలు, కాలిపర్‌కి, చిన్న కాటాకి. ముసాయిదాలు 2.

దశ 2: తేమ

"14 దాకా" అన్న చీటీ మాటని నేను "అబౌట్ 14" అని రాశాను. తెలుగులో "దాకా" గట్టి హద్దు. 14 దగ్గర ఆగాలి. ఇంగ్లీషు "అబౌట్" రెండు పక్కలా ఊగుతుంది. 14.5 కూడా దానికి "అబౌట్" లోనిదే. "దాకా", "లోపు", "మించకుండా" ఈ మూడింటికీ ఒప్పందంలో ఒకటే మాట చాలు, మ్యాక్స్.

మన దగ్గర తేమకి ఇంకో అలవాటు ఉంది. ప్రభుత్వ సేకరణలో బియ్యానికి తేమ హద్దు 14 శాతం. 15 దాకా విలువ కోతతో తీసుకునే పద్ధతి కూడా ఉంది. అందుకే మిల్లులో "14 దాటితే కొంత కోస్తారు, అంతే గదా" అన్న ధీమా కనిపిస్తుంది. విదేశీ ఒప్పందంలో మ్యాక్స్ అని రాసి కోత మాట రాయకపోతే 14.1 కూడా షరతు తప్పినట్టే. కోత కావాలంటే దాన్ని వేరే వాక్యంగా అడిగి రాయించుకోవాలి. ఇంకో మాట, చీటీలో 17 కనిపిస్తే అది వడ్ల తేమ. వడ్ల కొనుగోలు కాగితం చూసి నేనొకసారి 17 టైపు చేసి, పంపేముందు చెరిపేశాను.

తర్వాత కొలత. ఇక్కడ నాలుగు అంకెలు వచ్చాయి.

మిల్లు మీటరు 13.4 చూపింది. అందరూ సంతోషించారు. తర్వాత చూస్తే మీటరు వడ్ల సెట్టింగ్‌లో ఉంది. పైగా బియ్యం పాలిషర్ నుంచి అప్పుడే దిగి వేడిగా ఉంది. ఈ మీటర్లు నీటిని నేరుగా తూచవు. గింజలో కరెంటు తీరు చూసి తేమని అంచనా కడతాయి. ఆ అంచనా వడ్లకి ఒకటి, పచ్చి బియ్యానికి ఒకటి, ఉప్పుడు బియ్యానికి ఇంకొకటి. వేడి కూడా అంకెని తిప్పేస్తుంది. మర్నాడు చల్లారాక ఉప్పుడు బియ్యం సెట్టింగ్‌లో చూస్తే 14.1.

ఓవెన్ పరీక్షకి ల్యాబ్‌కి పంపాను. 13.1 అని వచ్చింది. ఇది ఇంకా వింత. తప్పు నాదే. మాదిరిని కాగితం కవర్లో పెట్టి రెండు రోజులు సంచిలో తిప్పాను. దారిలో ఆరిపోయింది. రెండోసారి గాలి తీసేసిన రెండు ప్లాస్టిక్ కవర్లలో మూతి బిగించి పంపితే 14.3. ఇదే అసలు అంకె.

ఓవెన్ లెక్క చూస్తేనే ఒప్పందంలో ఏం రాయాలో తెలుస్తుంది. 5.000 గ్రాముల పిండిని 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెడితే 4.285 మిగిలింది. పోయిన నీరు 0.715. దాన్ని మొదటి బరువుతో భాగిస్తే 14.3 శాతం. మిగిలిన పొడి బరువుతో భాగిస్తే 16.7. నీరు అదే, శాతం వేరు. బియ్యం వ్యాపారంలో అందరూ మొదటి లెక్కే వాడతారు. ఆ మాట రాయడానికి రెండు పదాలు చాలు కాబట్టి రాసేశాను:

```
Moisture: max 14.0% (wet basis), oven method,
determined at time of loading.
```

చివరి మాట ముఖ్యం. ఓడలో కంటెయినర్ వారాల తరబడి ఉంటుంది. దిగేచోట గాలి తేమ వేరు. కొలిచే చోటు, వేళ రాయకపోతే అక్కడి అంకెకి కూడా మనమే జవాబుదారీ.

14.3ని కిందికి దించాలి. ఎండలో వేద్దామని నేనన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు. మిల్లు ఆడిన బియ్యాన్ని ఎండలో గబగబా ఆరబెడితే గింజ పగుళ్లు తీస్తుంది, దశ 1లో తీసేసిన నూక మళ్లీ పుడుతుంది. గోదాములో పలచగా పరిచి, ఫ్యాన్లు పెట్టి, మూడు రోజులు ఆగాం. మన మీటరు ఓవెన్ కంటే 0.2 తక్కువ చూపుతుందని తెలిసింది కదా. మీటరు మీద 13.6 వచ్చేదాకా ఉంచాం, అంటే అసలు తేమ 13.8.

నీరు పోతే బరువూ పోతుంది:

```
25190 x (100 - 14.3) / (100 - 13.8) = 25044 kg
```

146 కిలోలు గాల్లో కలిశాయి. యజమాని దీన్ని మొదట నమ్మలేదు. "అర శాతమే గదా తగ్గింది" అన్నారు. 25 టన్నుల మీద తేమ అర శాతం తగ్గితే పోయే బరువు మూడు బస్తాలకి కొంచెం తక్కువ. కాటా మీద చూశాకే ఊరుకున్నారు.

ఇప్పటిదాకా: లాటు 25,044 కిలోలు. ఒప్పందం 25,000. మిగులు 44, ఒక 50 కిలోల బస్తా కూడా కాదు. పని 22 గంటలు. ఖర్చు 2,650 రూపాయలు, ఇందులో ల్యాబ్‌కి రెండుసార్లు ఇచ్చింది 1,200. కాగితం కవరు పుణ్యాన అందులో 600 దండగ. ముసాయిదాలు 3.

దశ 3: ఏ గ్రేడు

అన్నిటికంటే తేలిక అనుకున్న మాట ఇది. ఇంగ్లీషు మాటే కదా, అలాగే దించేశాను. కొనుగోలుదారు మనిషి చాలా సంతోషంగా జవాబిచ్చాడు: మీ సరుకు మొదటి రకం అన్నమాట, మరి దాని నాణ్యత పట్టిక పంపండి. ఆ సంతోషం చూశాకే నాకు భయం పట్టింది.

మన సేకరణ లెక్కలో ఏ గ్రేడు, కామన్ అన్నవి గింజ ఆకారాన్ని బట్టి పెట్టిన తరగతులు. పొడవుని వెడల్పుతో భాగిస్తే 2.5 గానీ ఆపైన గానీ వస్తే ఏ గ్రేడు, తగ్గితే కామన్. ఏ గ్రేడు బియ్యంలో నూక ఎక్కువ ఉండొచ్చు, కామన్ బియ్యం నిగనిగలాడుతూ ఉండొచ్చు. సేకరణలో పచ్చి బియ్యానికి నూక 25 శాతం, ఉప్పుడుకి 16 శాతం దాకా ఒప్పుకుంటూ వచ్చారు. రెండు తరగతులకీ హద్దు అదే. 25 శాతం నూకతో ఏ గ్రేడు ఉంటుందని చెబితే ఆ విదేశీ మనిషి ఏమనుకునేవాడో!

పోనీ "లాంగ్ గ్రెయిన్" అందామా? మా లాటు కొలిచాను. పొడవు 6.0, వెడల్పు 2.1. భాగిస్తే 2.86. ఇక్కడ ఏ గ్రేడుకి చక్కగా సరిపోతుంది. కోడెక్స్‌లో పొడవు వెడల్పుల నిష్పత్తితో చూసే పద్ధతిలో మిల్లు ఆడిన బియ్యానికి లాంగ్ గ్రెయిన్ అనాలంటే 3.0 ఉండాలి. 2.0 నుంచి 2.9 దాకా మీడియం. 1010 సన్నపొడవు రకమేగా అని వాదించాను గానీ, ఉడకబెట్టి ఆరబెట్టడంలో గింజ పొడవు కొంచెం తగ్గి లావెక్కుతుంది. రకం పుస్తకంలో ఉన్న కొలత ఉప్పుడు బియ్యానికి వర్తించదు. ఎదురుగా ఉన్న బియ్యాన్నే కొలవాలి.

మధ్యలో బేరం కుదిర్చినాయన ఒక సలహా ఇచ్చాడు: "ఐఆర్ 64 అని రాసెయ్యండి, అందరూ అలాగే రాస్తారు, వాళ్లకి ఆ పేరే తెలుసు." సరుకు 1010. ఐఆర్ 64 వేరే రకం. పేరు తెలిసినంత మాత్రాన అది ఒప్పందంలో నిజం అయిపోదు. ఐఆర్ 64 పేరుతో ఒక కాగితం, కొలతలతో ఒక కాగితం రాసి యజమానికి చూపించి, ఏది కావాలో మీరే చెప్పండన్నాను. ఆయన కాసేపు చీటీ తిప్పి చూసి, "కొలతే రాయండమ్మా. పేరుకి తగాదా గానీ కొలతకి తగాదా ఏటి?" అన్నారు.

గ్రేడు మాట మొత్తం పోయింది. దాని చోట ఇది వచ్చింది:

```
Variety: MTU 1010, parboiled, milled.
Average length of whole kernels: min 5.9 mm.
Length/width ratio: min 2.8
```

6.0 కొలిచి 5.9 రాయడం పిరికితనం కాదు. కాలిపర్ ఎవరి చేతిలో ఉన్నా 0.1 తేడా వస్తుంది. నేనూ నా తమ్ముడూ ఒకే 20 గింజలు విడివిడిగా కొలిస్తే 6.02, 5.96 వచ్చాయి.

ఇప్పటిదాకా: పని 25 గంటలు. ముసాయిదాలు 4. లాటు మారలేదు.

దశ 4: రంగు గింజ, సుద్ద గింజ

చీటీలో "రంగు గింజ తక్కువ" అని ఉంది. "తక్కువ"ని ఒప్పందం భాషలోకి మార్చలేం. అంకె కావాలి. అంకె కోసం గింజలు ఏరబోతే, మేస్త్రి "రంగు గింజ" అన్న ఒక్క మాటలో మూడు వేర్వేరు గింజలు కనిపించాయి.

- పసుపు, గోధుమ రంగుకి తిరిగినవి. వడ్లు తడిగా నిల్వ ఉండి వేడెక్కితే వచ్చేవి.
- నల్లటి, ముదురు గోధుమ మచ్చలు పడ్డవి. ఉప్పుడు బియ్యంలో ఇవి ప్రత్యేకం. మచ్చ గింజ పైభాగంలో పావు వంతు దాటితే దానికి ఇంగ్లీషులో వేరే పేరుంది, పెక్స్. నేను మొదట "బ్లాక్ గ్రెయిన్స్" అని రాశాను. అది చదివినవాడికి నల్ల బియ్యం కలిసిందని అనిపించినా తప్పులేదు.
- ఎర్ర గింజలు. ఇవి పాడైనవి కావు. ఎర్ర తవుడుండే వేరే రకం వడ్లు పొలంలోనే కలవడం వల్ల వచ్చేవి.

మొదటి రెంటినీ కలిపి తూస్తే 1.4 శాతం. హద్దు 2.0 అని రాశాం. ఎర్ర గింజని విడిగా రాశాం. అన్నీ ఒకే మాట కింద పెడితే ఎర్ర గింజ కూడా పాడైనదాని లెక్కలోకి వెళ్లిపోతుంది.

కొనుగోలుదారు పంపిన నమూనా పట్టికలో "చాకీ" అన్న వరుస కూడా ఉంది, అంటే సుద్దలా తెల్లగా ఉండే గింజ. దాని ఎదురుగా ఏం రాయాలో తెలియక ఒక పూట కొట్టుకున్నాను. మా మాదిరిలో అలాంటి గింజ దాదాపు లేదు. కారణం తెలిశాక నవ్వొచ్చింది. వడ్లని ఉడకబెట్టినప్పుడు లోపలి పిండి మెత్తబడి అతుక్కుంటుంది, గింజ గాజులా మారుతుంది, సుద్ద మాయమవుతుంది. ఆ వరుస పచ్చి బియ్యం కోసం. ఉప్పుడులో నడుమ తెల్లగా కనిపిస్తే అది సరిగ్గా ఉడకలేదని గుర్తు. ఆ వరుసకి ఏదో అంకె పెట్టి ఊరుకోకుండా, ఇది మీ పచ్చి బియ్యం పట్టికలోది, ఉప్పుడుకి ఉడకని గింజ హద్దు పెట్టుకుందామా అని రాశాను. ఆయన ఒప్పుకుని పట్టిక మార్చాడు.

"రాయి లేదు"కి నేను రాసిన "నిల్" కూడా పోయింది. 25 టన్నుల్లో ఒక్క రాయి దొరికినా "నిల్" అబద్ధమే. అన్య పదార్థం 0.1 శాతం మించకూడదని బరువు మీద రాశాం.

ఇప్పటిదాకా: పని 28 గంటలు. ముసాయిదాలు 5.

దశ 5: దాటితే ఏమవుతుంది

చివరి మూడు గంటలూ ఒక్క మాట దగ్గర గడిచాయి. కొనుగోలుదారు ముసాయిదాలో నూక ఎదురుగా "బేసిస్ 5%, మ్యాక్స్ 7%" అని ఉంది. నేను రెండూ హద్దులే అనుకుని ఒకటి కొట్టేద్దామనుకున్నాను. అవి రెండు వేర్వేరు గీతలు. బేసిస్ అంటే ధర కుదిరిన చోటు. అక్కడిదాకా పూర్తి ధర, దాటితే కోత. మ్యాక్స్ అంటే తిరస్కరణ గీత. మన సేకరణలో తేమకి 14, 15 ఉన్నట్టే. మిల్లు భాషలో చెప్పాలంటే మొదటిది "ధర గీత", రెండోది "వాపసు గీత". ఇలా చెప్పాకే యజమానికి వెంటనే ఎక్కింది.

మొదటి కొలత 7.4 అని గుర్తుందా? ఆ సరుకే వెళ్లి ఉంటే కోతతో కూడా సరిపోదు, వాపసు గీత కూడా దాటేసింది. మళ్లీ గ్రేడర్‌కి పంపాక 4.7 కాబట్టి ధర గీతకి లోపలే ఉన్నాం. అయినా కోత ఎంతో రాయించుకున్నాం, అడ్డుకోకపోతే ఆ అంకె తర్వాత వాళ్లే పెడతారు:

```
Broken: basis 5.0%, max 7.0%.
Between 5.0% and 7.0%: price reduced 1% for
each 1%, fractions in proportion.
Above 7.0%: buyer may reject.
Quality final at load port per independent
surveyor's certificate; sealed samples kept.
```

దీన్ని అంకెల్లో వేసి యజమానికి చూపాను. నూక 5.6 వస్తే 0.6 ఎక్కువ, ధరలో 0.6 శాతం కోత. 25 టన్నుల మీద అది 150 కిలోల బియ్యం ధరకి సమానం. దశ 1లో ఈ వాక్యం లేకుండా గట్టి మ్యాక్స్ ఒక్కటే రాశాను, అందుకే దాన్ని మార్చాల్సి వచ్చింది. ఎవరైనా నకలు చేసుకుంటే నూక నిర్వచనం దశ 1 నుంచి, అంకెలు ఇక్కడి నుంచి తీసుకోండి.

ఓడరేవులో సర్వేయరు మాదిరి తీసినప్పుడు నేనూ వెళ్లాను. ఆయన కూడా నిండు గింజలనే ఏరి, పొడవు కొలిచి, ముప్పావు గీత పెట్టుకున్నాడు. ఫలితం: నూక 4.8, తేమ 13.8, రంగు, మచ్చ గింజలు కలిపి 1.5. మేం మిల్లులో కొలిచిన 4.7 దారిలో 4.8 అయింది. 4.9 దగ్గర బయల్దేరి ఉంటే ధర గీత మీద నిలబడేవాళ్లం. మాదిరులు మూడు సీలు వేశారు. ఒకటి మాకు, ఒకటి కొనుగోలుదారుకి, ఒకటి సర్వేయరు దగ్గర.

మొత్తం: లాటు 26,000 నుంచి 25,044 కిలోలు, పంపింది 25,000. నూకగా దిగింది 810, నీరుగా పోయింది 146. పని 31 గంటలు. ఖర్చు 2,650 రూపాయలు, విశాఖ బస్సు ఛార్జీ కాక. ముసాయిదాలు 6.

ఫిబ్రవరిలో ఇంకో లాటు ఉంది, వేరే రకం. దాని నిండు గింజ సగటు 5.6 వచ్చింది. ముప్పావు గీత 4.2. పాత గ్రాఫ్ కాగితం పనికిరాదు, కొత్తది గీసి కాటా పక్కన అంటించాను. మేస్త్రి ఈసారి బస్తాల్లోంచి తనే మాదిరి తీసి, ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి పెట్టాడు.